బ్యాంకు మిత్తి 10, సొంత పైసలకు 16: మరి మిల్లు మొత్తానికి పడే ఖర్చెంత?

(హనుమకొండలో ఒక సాయంత్రం ఎంకామ్, ఎంబీఏ పిల్లలు, జిన్నింగ్ మిల్లుల అకౌంటెంట్లు కలిసి కూర్చున్నప్పుడు చెప్పిన పాఠం. మాట్లాడిన తీరులోనే ఉంచాం, మధ్యలో వచ్చిన ప్రశ్నలతో సహా.)

అందరికీ నమస్తే. వెనక కూర్చున్నవాళ్లకు వినపడుతుందా? సరే, ఇవాళ ఒకే ఒక్క మిల్లు తీసుకుని ఒకే ఒక్క లెక్క చేద్దాం, కానీ చివరిదాకా చేద్దాం. మిల్లు నిజమైనది కాదు, అంకెలు నేను పెట్టినవే, కాకపోతే వరంగల్ చుట్టుపక్కల పత్తి జిన్నింగ్, ప్రెస్సింగ్ మిల్లు నడిపే ఎవరికైనా ఇది ఎక్కడో చూసిన మిల్లులాగే అనిపిస్తుంది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అనుకోండి.

ఆ మిల్లు సేటు ఒక కొత్త ప్రెస్సింగ్ లైను పెట్టాలనుకుంటున్నాడు. ఖర్చు 2 కోట్లు. పన్ను పోను ఏటా 22 లక్షలు తెస్తుందని అంచనా, అంటే 11 శాతం. బ్యాంకు మొత్తం 2 కోట్లూ 10 శాతానికి ఇస్తానంటోంది. సేటు లెక్క ఇట్లా ఉంది: "మిత్తి 10, దాని మీద పన్ను కలిసొస్తుంది కాబట్టి నాకు పడేది ఏడున్నర, మిషను తెచ్చేది 11. ఏడాదికి మూడున్నర శాతం మిగులుతుంటే ఇంక ఆలోచించేదేముంది సార్?" చూడడానికి ఎక్కడా తప్పు కనపడదు. ఏడున్నర అన్న మాట కూడా నిజమే. అయినా ఆ లైను పెట్టకూడదు. ఎందుకు పెట్టకూడదో తెలియాలంటే ముందు ఈ మిల్లులో ఉన్న పైసలు ఎవరివి, వాళ్లలో ఎవరికి ఎంత పడుతుందో చూడాలి.

ముందు అప్పు సంగతి. అప్పు ఎంత అని అడిగితే అకౌంటెంటు వెంటనే మార్చి 31 బ్యాలెన్స్ షీటు తీస్తాడు. జిన్నింగ్ మిల్లులో అక్కడే దెబ్బ పడుతుంది. పత్తి అక్టోబరులో రావడం మొదలవుతుంది, డిసెంబరు, జనవరిలో మార్కెట్ నిండిపోతుంది, అప్పుడు రైతుకు పైసలు కట్టాలి కాబట్టి క్యాష్ క్రెడిట్ లిమిటు అంచుదాకా వాడేస్తారు. బేళ్లు, గింజలు అమ్ముడుపోయిన కొద్దీ అది దిగుతుంది, ఆగస్టుకు ఖాతా దాదాపు ఖాళీ. మరి మార్చి 31 నాటి అంకె అంటే ఏంటి? కొండ దిగుతున్న మనిషిని మధ్యలో ఫోటో తీసినట్టు. మన మిల్లులో ఆరోజు టర్మ్ లోను 5 కోట్లు, క్యాష్ క్రెడిట్ 12 కోట్లు, మొత్తం 17 కోట్లు కనపడుతుందనుకోండి. కానీ లాభనష్టాల ఖాతాలో ఏడాది మొత్తానికి కట్టిన మిత్తి 1 కోటి 20 లక్షలే ఉంది. 10 శాతం మిత్తికి 1.20 కోట్లు కట్టారంటే ఏడాది పొడవునా సగటున వాడిన అప్పు 12 కోట్లన్నమాట. మనకు కావాల్సింది ఆ 12. పన్నెండు నెలల చివరి బ్యాలెన్సులు తీసి సగటు వేసినా దాని దగ్గరికే రావాలి, రాకపోతే ఎక్కడో మిత్తి వేరే పద్దులో రాసి ఉంటుంది, వెతకండి.

అడ్తీదారుకు ఇవ్వాల్సిన బాకీ, కరెంటు బిల్లు బాకీ, ఇవి అప్పులో కలపం. వాటికి విడిగా మిత్తి లేదు, ఉన్నా అది సరుకు ధరలోనే కలిసిపోయి ఉంటుంది. మిత్తి పడే అప్పు ఒక్కటే ఈ లెక్కలోకి వస్తుంది.

ఇక సొంత పెట్టుబడి. పుస్తకాల్లో షేరు క్యాపిటల్, రిజర్వులు కలిపి 8 కోట్లు ఉంది. దాన్ని పెట్టకూడదు. ఆ 8 కోట్లు ఎప్పుడో పెట్టిన పైసలు, ఎప్పుడో మిగిల్చిన లాభాలు. ఇవాళ ఈ మిల్లులో సేటు వాటా విలువ ఎంత, బయటివాడు కొంటే ఎంత ఇస్తాడు అన్నది కావాలి. మనం 18 కోట్లు అనుకుందాం. ఎక్కడి నుంచి వచ్చిందో కాసేపట్లో లాభం అంకెతో సరిచూసి చూపిస్తాను, అప్పటిదాకా నన్ను నమ్మండి.

*(ముందు వరుసలోంచి ఒకాయన: "సార్, మన సొంత పైసలకు మిత్తి ఏంది? మేము ఎవ్వరికీ కట్టేది లేదు కదా.")*

ఇదే అడుగుతారని ఎదురుచూస్తున్నా అన్నా. ఎవ్వరికీ కట్టరు, నిజమే, పుస్తకంలో ఎక్కడా ఆ పద్దు ఉండదు. కానీ మీ 18 కోట్ల వాటా బయటివాడికి అమ్మాలనుకోండి, వాడు ఏమడుగుతాడు? "ప్రభుత్వ బాండు కొంటే నిద్రపోయినా ఏడు శాతం దగ్గర వస్తుంది. మీ మిల్లులో పత్తి ధర పడిపోతే నాకేం రాదు, బ్యాంకుకు కట్టిన తర్వాత మిగిలితేనే నాకు. పైగా లిస్టయిన కంపెనీ కాదు, కావాలన్నప్పుడు అమ్ముకోలేను. నాకు 16 వస్తేనే వస్తా" అంటాడు. ఆ 16 మీ సొంత పైసల ఖర్చు. చెక్కు రాయకపోయినా ఖర్చే, ఎందుకంటే ఇంతే రిస్కున్న ఇంకోచోట పెడితే మీకు ఆ 16 వచ్చేది. లిస్టయిన కంపెనీలకైతే షేరు ధర కదలికలు చూసి బీటా అనే రిస్కు కొలత కట్టి ఈ అంకె తీస్తారు, మన మిల్లుకు అంత కచ్చితంగా రాదు, 15 అని ఒకరు, 18 అని ఇంకొకరు అంటారు, ఇద్దరితోనూ నేను కొట్లాడను. సున్నా అన్నవాళ్లతో మాత్రం కొట్లాడతాను.

సరే, ఇప్పుడు కలుపుదాం. ఎనుమాముల మార్కెట్‌లో 60 క్వింటాళ్లు ఒక ధరకు, 40 క్వింటాళ్లు ఇంకో ధరకు కొంటే సగటు ధర ఎట్లా తీస్తారో అట్లనే, బరువును బట్టి. ఆ సగటు ఖర్చునే WACC అంటారు. బోర్డు మీద రాస్తున్నా:

```
WACC = (E/V) × Re + (D/V) × Rd × (1 − T)
```

E అంటే సొంత వాటా విలువ 18 కోట్లు, D అంటే అప్పు 12 కోట్లు, V రెండూ కలిపి 30. Re అంటే సొంత పైసల ఖర్చు 16, Rd అంటే అప్పు మీద మిత్తి 10. T పన్ను రేటు. 2019 సెప్టెంబరులో వచ్చిన మార్పు తర్వాత మినహాయింపులు వదులుకున్న కంపెనీలకు 22 శాతం, దాని మీద 10 శాతం సర్‌చార్జీ, ఆ మొత్తం మీద 4 శాతం సెస్సు, కలిపి 25.168 అవుతుంది. బోర్డు మీద లెక్క తేలికగా ఉండాలని 25 పెడతాను, మీ ఆఫీసులో మాత్రం 25.168 పెట్టండి.

సొంత వాటా 60 శాతం, దానికి 16, అంటే 9.6. అప్పు 40 శాతం, దానికి పన్ను పోను 7.5, అంటే 3. మొత్తం 12.6 శాతం. ఈ మిల్లులో ఉన్న ప్రతి రూపాయికీ సగటున పడే ఖర్చు ఇది. ఇదే పుస్తకాల్లోని 8 కోట్లు పెట్టి చేసుంటే సొంత వాటా 40 శాతానికి పడిపోయి, 6.4, 4.5 కలిపి 10.9 వచ్చేది. అంటే సేటు గారి 11 శాతం మిషను పాసైపోయేది. చూశారా, పాత పుస్తకం విలువ ఒక్కటి పెట్టినందుకే 2 కోట్ల నిర్ణయం తారుమారవుతుంది.

ఇప్పుడు 18 కోట్ల మాట నిలబెట్టుకోవాలి. మిల్లుకు మిత్తి, పన్ను కట్టకముందు ఏడాది లాభం 5 కోట్ల 4 లక్షలు అనుకుందాం, ప్రతి ఏడూ అంతే వస్తుందని, తరుగుదలకు సరిపడా ఏటా మిషన్ల మీద తిరిగి పెడుతున్నారని అనుకుందాం. మిత్తి 1.20 పోతే 3.84. పన్ను 25 శాతం, 96 లక్షలు. సేటుకు మిగిలేది 2 కోట్ల 88 లక్షలు. ఏటా 2.88 కోట్లు వచ్చే వాటాకు 16 శాతం రాబడి అడిగేవాడు ఎంత ఇస్తాడు? 2.88ని 0.16తో భాగించండి. సరిగ్గా 18 కోట్లు. ఇంకోవైపు నుంచి కూడా చూద్దాం. అప్పే లేదనుకుని పన్ను కడితే 5.04 మీద 1.26 పోయి 3.78 మిగులుతుంది. దాన్ని 12.6 శాతంతో భాగిస్తే 30 కోట్లు, మిల్లు మొత్తం విలువ. అందులో బ్యాంకు 12 తీసేస్తే మళ్లీ 18. రెండు దారుల్లో ఒకే అంకె రావాలి. మీ ఎక్సెల్‌లో రెండు దారులూ కలవకపోతే బరువులు తప్పు పెట్టినట్టే, ఇది నేను వాడే మొదటి పరీక్ష. నిజం లెక్కలో ముందు ఒక విలువ ఊహించి, సగటు తీసి, దాంతో విలువ కట్టి, ఆ విలువతో బరువులు మార్చి, అంకె కదలకుండా నిలిచేదాకా రెండు మూడుసార్లు తిప్పాలి. లేదంటే మిల్లు ఎప్పుడూ నలభై, అరవై నిష్పత్తిలో నడపాలనుకుంటున్నామని ముందే నిర్ణయించుకుని ఆ బరువులే పెట్టాలి. నాకు రెండోదే ఇష్టం, గొడవ తక్కువ.

ఇందాక రెండు పన్ను అంకెలు చెప్పాను, గమనించారా? అప్పుంటే 96 లక్షలు, అప్పు లేకపోతే 1 కోటి 26 లక్షలు. తేడా 30 లక్షలు. మిత్తి మీద పన్ను కవచం, ట్యాక్స్ షీల్డ్ అనేది ఇదే, ఇంతే. 12 కోట్ల మీద 10 శాతం మిత్తి, దాని మీద 25 శాతం. బ్యాంకు ఏమీ తగ్గించలేదు, బ్యాంకుకు నిండా 1.20 వెళ్లింది. సేటుకు ఇచ్చే డివిడెండు పన్ను కట్టిన తర్వాత లాభంలోంచి పోతుంది, బ్యాంకుకు ఇచ్చే మిత్తి పన్ను కట్టకముందే పోతుంది, అంతే తేడా. అందుకే ఫార్ములాలో (1 − T) అప్పు పక్కన మాత్రమే ఉంటుంది. పరీక్షల్లో పిల్లలు రెండింటికీ పెట్టేస్తుంటారు, 16ని కూడా 12 చేసేస్తారు, దయచేసి ఆపండి.

*(ఒక విద్యార్థిని: "సార్, మరి అప్పు అంత చవకైతే 12 బదులు 20 కోట్లు తీసుకుంటే సగటు ఇంకా పడిపోతుంది కదా?")*

కూర్చోమ్మా, మంచి ప్రశ్న, నేను ఎక్కువసేపు ఆగాలనుకున్నది ఇక్కడే. చాలామంది 16 శాతం పైసలు తీసేసి ఏడున్నర శాతం పైసలు పెట్టినట్టు లెక్క వేస్తారు, ఆ 16 మాత్రం అక్కడే మేకు కొట్టినట్టు ఉంటుందనుకుంటారు. ఉండదు. బ్యాంకు ముందు వరుసలో ఉంటుంది, సేటు వెనక. ముందు వరుసలో తీసుకునేవాడి వాటా పెరిగిన కొద్దీ వెనకవాడికి మిగిలేది ఎక్కువగా ఊగుతుంది. పత్తి బాగా ఆడిన ఏడు సేటుకు బోలెడు, ఆడని ఏడు చేతికి ఏమీ రాదు. ఇంత ఊగే వాటా కొనేవాడు 16కి ఒప్పుకోడు.

ఎంత అడుగుతాడో కూడా లెక్క కట్టొచ్చు. మన మిల్లుకు అసలు అప్పే లేదనుకోండి. ఏడాదికి 3.78 కోట్లు సేటుకే. జిన్నింగ్ వ్యాపారం రిస్కు ఒక్కటే ఉంది, అప్పు రిస్కు లేదు, అట్లాంటి వాటాకు 14 శాతం అడుగుతారనుకుందాం. 3.78ని 0.14తో భాగిస్తే 27 కోట్లు. అప్పున్న మిల్లు విలువ 30. తేడా 3 కోట్లు ఎక్కడి నుంచి వచ్చాయి? ఏటా మిగిలే 30 లక్షల పన్నును 10 శాతంతో భాగించండి, 3 కోట్లు. అప్పు వల్ల పెరిగిన విలువ మొత్తం పన్ను కవచం నుంచే వచ్చింది, చవక పైసల నుంచి ఒక్క రూపాయి కూడా రాలేదు. మోదిగ్లియాని, మిల్లర్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ మాట 1958లో సగం చెప్పారు, పన్నులు లేని లోకంలో అప్పు ఎంత తీసుకున్నా సంస్థ విలువ మారదని. 1963లో పన్నును కలిపి దిద్దుబాటు రాశారు. మోదిగ్లియానికి 1985లో, మిల్లర్‌కు 1990లో నోబెల్ వచ్చింది. వాళ్ల లెక్క ప్రకారం సొంత పైసల ఖర్చు ఇట్లా కదులుతుంది:

```
Re = Ru + (Ru − Rd) × (D/E) × (1 − T)
```

Ru అంటే అప్పు లేనప్పటి 14. ఇప్పటి అప్పుకు 14 మీద, 4 ఇంటూ పన్నెండు బై పద్దెనిమిది ఇంటూ 0.75, అంటే 2 కలుస్తుంది. 16 వచ్చేసింది. ఇప్పుడు నువ్వడిగిన 20 కోట్లు పెడదాం. పన్ను కవచం విలువ 5 కోట్లు, మిల్లు విలువ 32, అందులో సేటు వాటా 12. Re లెక్క: 14 మీద 4 ఇంటూ ఇరవై బై పన్నెండు ఇంటూ 0.75, అంటే 5. మొత్తం 19 శాతం. సగటు కడితే సొంత వాటా 37.5 శాతానికి 19, అంటే 7.125. అప్పు 62.5 శాతానికి 7.5, అంటే 4.69 దగ్గర. మొత్తం 11.8. తగ్గింది, కాదనను, 12.6 నుంచి 11.8కి. కానీ 16ని కదలకుండా ఉంచి చేసినవాడికి 10.7 వస్తుంది. వాడు కనిపెట్టానని సంబరపడే పొదుపులో సగానికి పైగా ఉత్తదే.

ఇంకో మాట. పన్నే లేకపోతే ఏమయ్యేది? నలభై అరవై బరువులతోనే T సున్నా పెట్టి చేయండి. Re 16.67 అవుతుంది, సగటు 10 ప్లస్ 4, మళ్లీ 14కే వచ్చి నిలుస్తుంది. ఇంటికెళ్లి వేరే బరువులతో చేసి చూడండి, 14 నుంచి కదలదు.

ఆ 11.8 కూడా కాగితం మీద లెక్క. 20 కోట్ల అప్పుకు బ్యాంకు అదే 10 శాతం ఉంచుతుందా? రేటింగు దిగుతుంది, రేటు పెరుగుతుంది. పైగా పన్ను కవచానికి ఒక షరతుంది, కవచం పని చేయాలంటే ముందు పన్ను కట్టాల్సినంత లాభం ఉండాలి. ఒక చెడ్డ సీజన్ అనుకోండి, పత్తికి మంచి ధర పెట్టి కొన్నారు, బేళ్లు అమ్మేనాటికి దూది ధర దిగింది, లాభం 5.04 కాస్తా 1.50 అయింది. అప్పు 12 కోట్లున్న మిల్లులో మిత్తి 1.20 పోయినా ఇంకా 30 లక్షల లాభం ఉంది, 30 లక్షల కవచం మొత్తం దక్కింది. అప్పు 20 కోట్లున్న మిల్లులో మిత్తి 2 కోట్లు, అంటే 50 లక్షల నష్టం. పన్ను సున్నా. అప్పే లేకుంటే 37.5 లక్షలు కట్టేవాళ్లు, కాబట్టి దక్కిన కవచం 37.5 లక్షలే, 50 కాదు. మిగతా నష్టాన్ని ముందు ఏళ్లకు మోసుకుపోవచ్చు, వ్యాపార నష్టానికి ఎనిమిదేళ్లు గడువుంది, కానీ ఆ పన్ను పొదుపు ఎప్పుడో వస్తుంది, లాభం వస్తేనే వస్తుంది. అందుకే వరుసగా నష్టాల్లో ఉన్న మిల్లు ప్రాజెక్టు రిపోర్టులో Rd పక్కన (1 − T) కనపడితే నేను పెన్నుతో గుండ్రం చుడతాను. పన్ను కట్టని వాడికి పన్ను ఎట్లా మిగులుతుంది?

దీంట్లో ఇంకో చిక్కు ఉంది, ఇది అకౌంటెంట్లకు బాగా తెలుసు, ఫైనాన్స్ చదివిన పిల్లలకు తెలియదు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 43-బి సెక్షన్‌గా వచ్చిన నియమం ప్రకారం బ్యాంకుకు కట్టాల్సిన మిత్తి పుస్తకంలో రాసుకుంటే చాలదు, నిజంగా కట్టాలి, రిటర్ను దాఖలు చేసే గడువులోపైనా కట్టాలి, అప్పుడే ఆ ఏడాది ఖర్చుగా ఒప్పుకుంటారు. కట్టలేని మిత్తిని బ్యాంకు కొత్త లోనుగా మార్చి ఇచ్చిందనుకోండి, అది కట్టినట్టు కాదు. అంటే మిల్లు కష్టాల్లో పడి అప్పు రీస్ట్రక్చర్ అయిన ఏడాదే, సరిగ్గా పైసలు అవసరమైనప్పుడే, కవచం చేతికి రాదు. ఆ లోను వాయిదాలు నిజంగా కట్టినప్పుడు కట్టినంత మేరకే వస్తుంది.

ఇక సేటు గారి ప్రెస్సింగ్ లైను దగ్గరికి వద్దాం. ఏటా 22 లక్షలు, ఎప్పటికీ వస్తాయనే అనుకుందాం, 12.6 శాతంతో భాగిస్తే దాని విలువ దాదాపు 1 కోటి 75 లక్షలు. ఖర్చు 2 కోట్లు. 25 లక్షల దాకా నష్టం. "కానీ నా అప్పు ఏడున్నరే కదా" అంటాడు. ఆ 2 కోట్లు బ్యాంకు ఎవరి ముఖం చూసి ఇచ్చింది? ప్రెస్సింగ్ లైను ముఖం చూసి కాదు. మిల్లు స్థలం, సేటు గారి పర్సనల్ గ్యారంటీ, ఇన్నేళ్లుగా మిల్లులో వదిలేసిన లాభాలు, వాటిని చూసి ఇచ్చింది. ఇవాళ మొత్తం అప్పుతో ఈ మిషను పెట్టేస్తే మిల్లు అప్పు తీసుకోగల శక్తిలో 2 కోట్లు ఖర్చయిపోయినట్టు. రెండేళ్ల తర్వాత నిజంగా 15 శాతం తెచ్చే పని ఎదురైతే బ్యాంకు మేనేజరు "ముందు మీ మార్జిన్ తెండి" అంటాడు, అప్పుడు ఆ మంచి పనికి 16 శాతం పైసలు పెట్టాలి. పనికిరాని మిషనుకు ఏడున్నర గీటురాయి, మంచి మిషనుకు 16 గీటురాయి, ఏది ముందొచ్చిందన్న దాన్ని బట్టి! అట్లా కాకుండా ప్రతి పనినీ 12.6తోనే కొలవాలి. ఒక మినహాయింపు చెప్తాను, అది ముఖ్యం. పెట్టబోయే పని ఈ మిల్లు లాంటి రిస్కే ఉన్నదైతేనే 12.6. అదే సేటు మిల్లు పక్క స్థలంలో గోదాం కట్టి పదేళ్ల లీజుకు ఇస్తానంటే దాని రిస్కు వేరు, తక్కువ రేటు వాడాలి. సొంతంగా దూది ఎగుమతి మొదలుపెడతానంటే ఎక్కువ వాడాలి.

*(ఒక అకౌంటెంటు: "సార్, మా ప్రాజెక్టు రిపోర్టులో మిత్తి తీసేసిన తర్వాతి క్యాష్ ఫ్లోనే ఉంటుంది. దాన్ని ఈ రేటుతో డిస్కౌంట్ చేయొచ్చా?")*

చేయకూడదు. బ్యాంకుకు ఇచ్చే రిపోర్టులో మిత్తి తీసి చూపిస్తారు, ఎందుకంటే వాయిదాలు కట్టగలరా లేదా అన్నదే బ్యాంకు చూసేది. విలువ కట్టడానికి అది పనికిరాదు. మన మిల్లుతోనే చూద్దాం. మిత్తి, పన్ను పోను సేటుకు 2.88 కోట్లు. దాన్ని 12.6తో భాగిస్తే 22.86 కోట్లు వస్తుంది. అది మిల్లు విలువా? కాదు, అది 30. సేటు వాటానా? అది 18. 22.86 ఎవరిదీ కాదు. మిత్తిని క్యాష్ ఫ్లోలో ఒకసారి, రేటులో ఒకసారి, రెండుసార్లు లెక్క పెట్టినందుకు పుట్టిన అంకె. ఇటువైపు తప్పు ఒకటైతే అటువైపు ఇంకొకటుంది. పన్ను కవచం 30 లక్షలను క్యాష్ ఫ్లోలో కలిపి 4.08 చేసి, మళ్లీ 12.6తోనే భాగిస్తారు, 32.4 కోట్లు వస్తుంది. కవచం రేటులో ముందే ఉంది, ఏడున్నర అంటేనే అది. క్యాష్ ఫ్లోలో కలపాలనుకుంటే కలపండి, అప్పుడు రేటులోంచి తీసేయాలి: 9.6 ప్లస్ నాలుగు, 13.6. 4.08ని 0.136తో భాగిస్తే మళ్లీ బుద్ధిగా 30 వస్తుంది. కవచాన్ని ఎక్కడ పెట్టినా సరే, ఒక్కచోటే పెట్టండి.

టర్మ్ లోను గురించి ఒక్క మాట. ఈ లెక్కంతా అప్పు ఎప్పుడూ 40 శాతం దగ్గరే ఉంటుందని నమ్ముకుని చేసింది. 5 కోట్ల టర్మ్ లోను ఏడేళ్లలో తీర్చేసి ఇక మళ్లీ అప్పు తీసుకోం అంటే, కవచం ఏడాదికేడాది కరిగిపోతుంది, 12.6 అన్న ఒకే రేటు నిలవదు. అప్పుడు అప్పు లేని విలువ 27 విడిగా కట్టి, ఏ ఏడాది ఎంత మిత్తి కడతారో చూసి దాని మీద పన్ను పొదుపు విడిగా కట్టి కలపడం మేలు. పని కాస్త ఎక్కువ, కానీ ఏది ఎక్కడి నుంచి వచ్చిందో కంటికి కనపడుతుంది.

పన్ను రేటు మారితే ఏమవుతుందో కూడా చూడండి. 2019 మార్పుకు ముందు పెద్ద లాభాలున్న కంపెనీలకు సర్‌చార్జీ, సెస్సు కలిపి 34.94 శాతం దాకా పడేది. 10 శాతం అప్పు అప్పుడు పన్ను పోను ఆరున్నరకే పడేది. ఇప్పుడు ఏడున్నర. పన్ను తగ్గితే లాభం పెరిగింది, బాగానే ఉంది, దాంతో పాటు అప్పు ఖర్చు ఒక శాతం పెరిగింది. పాత ప్రాజెక్టు రిపోర్టును కాపీ కొట్టి కొత్తది తయారుచేసేవాళ్లు ఆ 34.94ని అట్లాగే వదిలేసి పంపిస్తుంటారు, ముందు ఆ సెల్ చూడండి.

*(మొదట అడిగినాయనే: "మాది పార్ట్‌నర్‌షిప్ సార్. మా క్యాపిటల్ మీద మేమే 12 శాతం మిత్తి రాసుకుంటం. అది కూడా కవచమే కదా?")*

సగమే అన్నా. పార్ట్‌నర్‌షిప్ ఫర్ముకు పన్ను 30 శాతం, సెస్సుతో 31.2, ఆదాయం కోటి దాటితే సర్‌చార్జీ అదనం. బ్యాంకు మిత్తి మీద మీకు కవచం కంపెనీ కంటే పెద్దది, 10 శాతం అప్పు 6.88కే పడుతుంది. పార్ట్‌నర్ల క్యాపిటల్ మీద మిత్తి కూడా డీడ్‌లో రాసి ఉంటే ఏటా 12 శాతం దాకా ఫర్ము ఖర్చుగా ఒప్పుకుంటారు. కానీ ఆ మిత్తి మీ చేతికొచ్చి మీ సొంత రిటర్నులో ఆదాయంగా పడుతుంది, అక్కడ మీరు పన్ను కడతారు. మీరూ 31.2 స్లాబులోనే ఉంటే ఫర్ములో మిగిలింది ఇంట్లో పోయింది, కవచం సున్నా. ఇంట్లో తక్కువ స్లాబులో ఉన్న పార్ట్‌నర్ ఉంటే ఆ రెండు రేట్ల తేడా మాత్రమే మిగులుతుంది. ఇంకోటి, ఆ 12 శాతం చట్టం ఒప్పుకునే గరిష్ఠ మిత్తి, మీ పైసల నిజమైన ఖర్చు కాదు. జిన్నింగ్ రిస్కు 12తో తీరదు. లెక్కలో సొంత పైసలకు 16 దగ్గరే పెట్టండి, పక్కన ఆ పన్ను తేడా ఏమైనా ఉంటే విడిగా రాసుకోండి.